ఒకే ఊళ్లో మూడు ఫజ్ర్ వేళలు ఎందుకు? నమాజ్ పట్టికలు అచ్చు వేయించే మసీదు కమిటీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ పెద్దలకు, ఇమామ్ సాహెబులకు,

అస్సలాము అలైకుమ్.

ఒకే ఊళ్లోని రెండు మసీదుల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. మగ్రిబ్ ఒకటే ఉంటుంది, లేదా ఒక నిమిషం అటూ ఇటూ. జొహర్ కూడా దాదాపు అంతే. ఫజ్ర్ దగ్గరికి వచ్చేసరికి పన్నెండు, పదమూడు నిమిషాల తేడా కనిపిస్తుంది. మూడో మసీదు పట్టిక తెస్తే అది ఆ రెంటితోనూ కలవదు. మామూలు రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. రంజాన్ వచ్చిందంటే ఒక చోట అజాన్ అయిపోతుంది, పక్క చోట ఇంకా సహరీ తింటూ ఉంటారు, అప్పుడు తగవు మొదలవుతుంది. ఎవరి లెక్క తప్పు అని మిమ్మల్ని అడుగుతారు.

చాలాసార్లు ఎవరి లెక్కా తప్పు కాదు. లెక్కలోకి పోసిన అంకెలు వేరు. ఆ అంకెలేమిటో పట్టిక మీద ఉండవు కాబట్టి రెండు కాగితాలను పోల్చే దారి ఎవరికీ ఉండదు. పట్టికలు లెక్కగట్టే పని తెలిసినవాళ్లుగా మేం ఈ లేఖలో ఆ అంకెలు ఎక్కడ పుడతాయో ఒక రోజు లెక్క వేసి చూపిస్తాం, చివర రెండు విన్నపాలు చేస్తాం.

లెక్క కోసం ఒక చోటు అనుకుందాం. అక్షాంశం 17 డిగ్రీలు ఉత్తరం. గడియారం ఏ రేఖాంశాన్ని బట్టి నడుస్తోందో దానికి 4 డిగ్రీలు పడమరగా ఉంది. రోజు ఫిబ్రవరి 11. ఈ తేదీని కావాలనే ఎంచుకున్నాం, ఎందుకో వెంటనే తెలుస్తుంది.

ముందు జవాల్ కావాలి, అంటే సూర్యుడు నడినెత్తి రేఖను దాటే క్షణం. మిగతా వేళలన్నీ దానికి అటూ ఇటూ కొలిచేవే. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక 4 డిగ్రీలు పడమరగా ఉన్న ఊళ్లో సూర్యుడు 16 నిమిషాలు ఆలస్యంగా నెత్తి మీదికి వస్తాడు. దీనికి తోడు సూర్యుడు గడియారంలా సమంగా నడవడు. భూమి కక్ష్య కాస్త అండాకారం, దాని ఇరుసు వంపు; ఈ రెండూ కలిసి ఏడాదిలో ఒకప్పుడు సూర్యుణ్ని గడియారం కంటే 14 నిమిషాలు వెనక, ఒకప్పుడు 16 నిమిషాలు ముందు నిలబెడతాయి. దీన్నే కాల సమీకరణం అంటారు. ఫిబ్రవరి 11 ప్రాంతంలో సూర్యుడు ఏడాది మొత్తం మీద అన్ని రోజులకంటే ఎక్కువ వెనకబడి ఉంటాడు, దాదాపు 14.2 నిమిషాలు. 12 గంటలకు ఈ రెండూ కలిపితే ఆ రోజు జవాల్ 12:30. అదే ఊళ్లో నవంబరు 3న సూర్యుడు 16.4 నిమిషాలు ముందుంటాడు కనుక జవాల్ 12 గంటలు కొట్టకముందే అయిపోతుంది. ఏడాది పొడుగునా జవాల్‌కు ఒకే అంకె అచ్చు వేసే పట్టిక మీ చేతికొస్తే, మిగతా గళ్లు చూడకుండానే పక్కన పెట్టేయవచ్చు.

జవాల్ దొరికాక మిగిలింది ఒకే ఒక్క ప్రశ్న: సూర్యుడు ఫలానా ఎత్తులో, లేదా దిగంతం కింద ఫలానా లోతులో ఉండటానికి జవాల్ నుంచి ఎంతసేపు? దానికి సూత్రం ఇది.

```
cos H = (sin h − sin φ · sin δ) / (cos φ · cos δ)
వేళ   = జవాల్ ± H × 4 నిమిషాలు
```

φ అంటే ఊరి అక్షాంశం. δ అంటే ఆ రోజు సూర్యుడి క్రాంతి, భూమధ్యరేఖకు ఎంత ఉత్తరంగా, ఎంత దక్షిణంగా ఉన్నాడన్నది. ఫిబ్రవరి 11న సుమారు −14.1 డిగ్రీలు. H డిగ్రీల్లో వస్తుంది. పట్టిక చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా లోపల జరిగేది ఇదే. φ మీ ఊరు చెబుతుంది, δ తేదీ చెబుతుంది, వీటి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా h మీదే, అంటే ఆ వేళకు సూర్యుడు ఎంత ఎత్తులో ఉండాలన్న దాని మీదే; దిగంతం కింద ఉంటే అది ఋణ సంఖ్య. సూర్యుడి ఎత్తును మనుషులు ఎంచుకుని పోసే చోటు అదొక్కటే.

మగ్రిబ్‌కు h ఎంచుకోవడం తేలిక. సూర్యబింబం పై అంచు దిగంతం కిందికి జారిన క్షణం అది. బింబం మధ్య నుంచి అంచుకు 16 కళలు; డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ. దిగంతం దగ్గర గాలి కాంతిని వంచి సూర్యుణ్ని మరో 34 కళలు పైకెత్తి చూపిస్తుంది. రెండూ కలిపితే 50 కళలు, అంటే −0.833 డిగ్రీలు. సూత్రంలో పెడితే H 86.5 డిగ్రీలు, అంటే 5 గంటల 46 నిమిషాలు. సూర్యోదయం 6:44, అస్తమయం సాయంత్రం 6:16. ఎవరు లెక్కగట్టినా సెకన్ల తేడాతో ఇదే వస్తుంది, ఎందుకంటే బింబానికి ఒక అంచుంది, అది కనబడుతుంది, మాయమవుతుంది. వక్రీభవనాన్ని మరిచిపోయి h సున్నా పెట్టినవాళ్లకు మాత్రం అస్తమయం మూడున్నర నిమిషాలు ముందే వచ్చేస్తుంది. ఇఫ్తార్ విషయంలో అది చిన్న తప్పు కాదు. షియా పట్టికల్లో మగ్రిబ్ వేరుగా ఉండటం లెక్క తేడా వల్ల కాదు. తూర్పున ఎర్రదనం నడినెత్తి దాటిపోయేదాకా ఆగాలన్నది వాళ్ల నియమం. దానికి 4 డిగ్రీల లోతు తీసుకుంటే మన ఉదాహరణలో అస్తమయం తర్వాత సుమారు 14 నిమిషాలు.

అసర్‌కు కోణం బదులు నీడ కొలత. జవాల్ వేళ వస్తువుకు ఉండే నీడను, అంటే సాయా అస్లీని, పక్కన పెట్టి, దానికి వస్తువంత నీడ తోడైనప్పుడు షాఫయీ, మాలికీ, హంబలీ పద్ధతుల్లో అసర్ మొదలవుతుంది. హనఫీలలో ప్రసిద్ధమైన మాట ప్రకారం రెండింతలు తోడవ్వాలి. మన ఊళ్లో ఫిబ్రవరి 11 మధ్యాహ్నం సూర్యుడు నెత్తికి 31.1 డిగ్రీలు పక్కగా ఉంటాడు, కనుక మీటరు కర్రకు సాయా అస్లీ 60 సెంటీమీటర్లు. నీడ 1.60 మీటర్లయ్యేది 3:49కి, 2.60 మీటర్లయ్యేది 4:40కి. యాభై ఒక్క నిమిషాల తేడా, అయినా దీని మీద గొడవ పెద్దగా ఉండదు. ఎందుకంటే ఇది మిస్ల్ అవ్వలా, మిస్ల్ సానీయా అన్నది అందరికీ తెలుసు, పట్టిక మీద రాసే అలవాటూ ఉంది. పైగా ఎండలో కర్ర పాతి ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఫజ్ర్‌కు ఈ సౌకర్యం లేదు.

ఫజ్ర్ అసలు చిక్కు ఇక్కడే ఉంది. సుబహ్ సాదిఖ్ అంటే తూర్పు దిగంతం వెంబడి అడ్డంగా పరుచుకునే వెలుగు. ఆ వెలుగు ఏదో ఒక క్షణాన వెలిగేది కాదు. సూర్యుడు ఇంకా కిందనే ఉండగా పై గాలి పొరల మీద పడిన కాంతి చెదిరి మన కంటికి చేరుతుంది. సూర్యుడు పైకొస్తున్నకొద్దీ అది కొద్దికొద్దిగా పెరుగుతుంది. చీకటికీ వెలుగుకీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆకాశం చెప్పదు, చూసే కన్ను చెబుతుంది. ఖగోళజ్ఞులు 18 డిగ్రీల దగ్గర గీశారు. అంతకంటే లోతులో సూర్యుడుంటే చెదిరిన కాంతి రాత్రి ఆకాశపు సహజమైన వెలుగులో కలిసిపోయి విడిగా తెలియదు. కంటికి వెలుగు తెలిసేది ఆ గీత దగ్గరా, దాన్ని దాటి సూర్యుడు ఇంకో రెండు, మూడు డిగ్రీలు పైకొచ్చాకా అన్నదే వివాదం.

దీన్ని మరింత కష్టం చేసేది సుబహ్ కాజిబ్. గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న ధూళి మీద పడే సూర్యకాంతి అది. తెల్లవారుజామున తూర్పున నిలువుగా, గోపురంలా లేస్తుంది. అసలు వేకువకు ముందే వస్తుంది. దాన్నే ఫజ్ర్ అనుకున్నవాడికి 19, 20 డిగ్రీలు వస్తాయి. దానికి ఎదురు తప్పు దీపాల మధ్య నిలబడి చూసేవాడిది. ఊరి వెలుగు, తేమ, దుమ్ము, తూర్పున ఒక గుట్ట ఉంటే చాలు, వెలుగు కనబడేసరికి సూర్యుడు 14 డిగ్రీలకు వచ్చేస్తాడు. నిజాయతీగా చూసిన ఇద్దరి అంకెలు ఐదారు డిగ్రీలు తేడా రావడానికి ఇంతే కారణం. మధ్యయుగంలో మసీదుల్లో వేళలు లెక్కగట్టే మువఖ్ఖిత్‌లు కూడా ఒక్క అంకె మీద లేరు: ఫజ్ర్‌కు 19 అని కొందరు, 20 అని కొందరు, ఇషాకు 17 అనీ 16 అనీ.

ఈ నేపథ్యంలో సంస్థల అంకెలు చూడండి. కరాచీ పద్ధతి ఫజ్ర్‌కూ ఇషాకూ 18. ముస్లిం వరల్డ్ లీగ్ 18, 17. ఈజిప్టు 19.5, 17.5. ఉత్తర అమెరికాలో వాడుకలో ఉన్న ఇస్నా పద్ధతి రెంటికీ 15. సౌదీ అరేబియాలో వాడే ఉమ్ముల్ ఖురా పద్ధతి ఫజ్ర్‌కు 18.5 తీసుకుని, ఇషాకు కోణమే వాడదు: మగ్రిబ్ తర్వాత 90 నిమిషాలు, రంజాన్‌లో 120. ఈ అంకెలు రాతిమీద గీతలు కావు. 2019లో మలేసియా ఫజ్ర్ కోణాన్ని 20 నుంచి 18 డిగ్రీలకు మార్చింది, అక్కడ ఫజ్ర్ 8 నిమిషాలు ఆలస్యమైంది.

మన ఉదాహరణలో ఇవి పెడితే: 19.5 డిగ్రీలకు ఫజ్ర్ 5:24, 18కి 5:31, 15కి 5:44. ఇషా 15కి 7:17, 17కి 7:25, 18కి 7:30, మగ్రిబ్‌కు 90 నిమిషాలు కలిపితే 7:46. సూత్రం ఒకటే, ఊరు ఒకటే, రోజు ఒకటే. h ఒక్కటే మారింది.

ఇషాలో ఇంకో మెలిక ఉంది. ఎర్ర వెలుగు పోతే ఇషా వచ్చిందని చాలామంది ఇమాముల మాట. ఎర్రదనం పోయాక మిగిలే తెల్ల వెలుగు కూడా పోవాలన్నది ఇమామ్ అబూ హనీఫా మాట. ఎరుపు ముందు పోతుంది, తెలుపు నిదానంగా పోతుంది. అందుకే ఒకే సంస్థ ఇషాకు ఫజ్ర్ కంటే చిన్న కోణం పెట్టడంలో అసంగతం ఏమీ లేదు. అది వేరే గుర్తును వెతుకుతోంది.

ఒక డిగ్రీ అంటే 4 నిమిషాలే కదా, మూడు డిగ్రీలకు 12 నిమిషాలు కలిపేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. సూర్యుడు దిగంతం నుంచి నిట్టనిలువుగా దిగడు, ఏటవాలుగా దిగుతాడు. ఏటవాలు పెరిగినకొద్దీ ఒక డిగ్రీ లోతు దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. 17 డిగ్రీల అక్షాంశంలో 18కీ 15కీ మధ్య తేడా మార్చిలో 12.6 నిమిషాలు, జూన్ చివర 14.7 నిమిషాలు. 40 డిగ్రీల అక్షాంశంలో జూన్ 21న అదే తేడా దాదాపు 26 నిమిషాలు. ఇంకా పైకి వెళితే లెక్కే ఆగిపోతుంది: 48.5 డిగ్రీలు దాటాక నడివేసవిలో సూర్యుడు రాత్రంతా 18 డిగ్రీల లోతుకు చేరడు, 52 డిగ్రీల దగ్గర 15 కూడా అందదు. సూత్రంలో cos H విలువ −1 కంటే కిందికి పోతుంది, సాఫ్ట్‌వేర్ ఖాళీ గడి చూపిస్తుంది. అక్కడ రాత్రిని ఏడు భాగాలు చేసి చివరి భాగం మొదట్లో ఫజ్ర్ అనడం లాంటి ఏర్పాట్లు చేసుకుంటారు. అవి ఫిఖ్హ్ నిర్ణయాలు, ఆకాశంలో వాటికి గుర్తు ఉండదు.

ఇదంతా తెలిస్తే రెండు పట్టికల మధ్య తేడా ఎక్కడిదో ఇంట్లో కూర్చుని పట్టేయవచ్చు. ఒకే రోజు చూస్తే తెలియదు. మార్చి, జూన్, డిసెంబరు పేజీలు మూడూ తీయండి. ఫజ్ర్ తేడా నెలను బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే కోణాలు వేరని అర్థం. ఏడాది పొడుగునా సరిగ్గా 5 నిమిషాలే ఉంటే ఎవరో చేత్తో 5 నిమిషాలు కలిపారు, లేదా తీశారు. అన్ని వేళలూ, జవాల్‌తో సహా, ఒకే దిశలో ఒకే మోతాదులో జరిగి ఉంటే రేఖాంశం వేరేది వాడారు. మగ్రిబ్ జూన్‌లో ఒకవైపు, డిసెంబరులో రెండోవైపు తేడా చూపితే అది పక్క ఊరి పట్టికను దించుకున్న గుర్తు.

ఈ చివరిదాని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా చోట్ల జరుగుతుంది. పెద్ద ఊరి పట్టిక తెచ్చి మనకు రెండు నిమిషాలు కలపండి అంటారు. ఆ పెద్ద ఊరు సరిగ్గా తూర్పునో పడమరనో ఉంటే ఇది బాగానే నడుస్తుంది. 17 డిగ్రీల దగ్గర 27 కిలోమీటర్లకు ఒక నిమిషం. ఉత్తరానో దక్షిణానో ఉంటే నడవదు. 3 డిగ్రీలు ఉత్తరంగా ఉన్న ఊరిలో జూన్ 21న సూర్యుడు దాదాపు 6 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు, డిసెంబరు 21న 6 నిమిషాలు ముందు, మార్చి 21న తేడా ఉండదు. ఇందులో దేనికీ ఒకే అంకె కలపలేం. రంజాన్ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుగా వస్తూ పోతుంది కాబట్టి ఒక ఏడాది సరిపోయిన 'రెండు నిమిషాలు' ఎనిమిదేళ్ల తర్వాత తప్పుడు దిశలో ఉండవచ్చు.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే. సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తన్నది ముఖ్యం కాదు, చుట్టూ కనబడే దిగంతానికి ఎంత ఎత్తన్నది ముఖ్యం. పీఠభూమి మీద ఊరుంటే ఏ సవరణా అక్కర్లేదు, దాని దిగంతమూ అంతే ఎత్తులో ఉంది. మైదానం మీద నిలబడ్డ భవనం పైఅంతస్తు వేరు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో 80వ అంతస్తు నుంచి ఉండేవాళ్లు ఇఫ్తార్‌కు మరో 2 నిమిషాలు, 150 దాటినవాళ్లు 3 నిమిషాలు ఆగాలని 2011లో దుబాయ్‌లో చెప్పింది ఈ లెక్కతోనే.

ఇప్పుడు మా మొదటి విన్నపం. అది ఇహ్తియాత్ గురించి. లెక్కకు ఒకటి రెండు నిమిషాలు జాగ్రత్త కోసం కలపడంలో తప్పు లేదు: ఊరి ఈ చివరకీ ఆ చివరకీ నిమిషం తేడా ఉంటుంది, లీపు సంవత్సరం వల్ల ఏటా అదే వాడే దాయమీ పట్టికలో అర నిమిషం కదులుతుంది, గాలి వేడిని బట్టి వక్రీభవనమూ మారుతుంది. చిక్కేమిటంటే, ఫజ్ర్ గడిలో ఉన్న ఒకే అంకె రెండు పనులు చేస్తుంది. సహరీ తినేవాడికి అది ముగింపు. నమాజ్ చదివేవాడికి అది మొదలు. ఉపవాసం కోసం జాగ్రత్త అంటే అంకెను తగ్గించాలి. నమాజ్ కోసం జాగ్రత్త అంటే పెంచాలి. ఒకే గడిలో రెండూ కుదరవు.

చాలా పట్టికల్లో ఉపవాసపు జాగ్రత్తే గెలుస్తుంది. 18 డిగ్రీలకు 5:31 వచ్చిందనుకోండి, పట్టిక చేసినవాళ్లు 5 నిమిషాలు తీసి 5:26 అచ్చు వేస్తారు. ఇదే మేం మొదట చెప్పిన మూడో పట్టిక. సహరీకి ఇది క్షేమమే. మసీదులో 5:26కే అజాన్ ఇస్తారు, ఇంట్లో ఒకావిడ అజాన్ వినగానే సున్నతులు, ఫర్జ్ చదివేసి పనిలో పడుతుంది. ఆ పట్టిక తన సొంత లెక్క ప్రకారమే వేళకు ముందు నమాజ్ చదివించింది. వేళకు ముందు చదివిన నమాజ్ చెల్లదని అందరికీ తెలుసు, పట్టికను తప్పుపట్టాలని ఎవరికీ తోచదు. దీని మీద ఇంకో పొర కూడా పడుతుంది: లెక్కగట్టినవారు 2 నిమిషాలు తీసి ఉంటారు, అది తెలియక కమిటీ ఇంకో 3, రంజాన్ కరపత్రం వేసేవారు ఇంకో 5. పది నిమిషాలు పోయినా ఎవరికీ ఆనవాలు దొరకదు.

కనుక దయచేసి రెండు గళ్లు పెట్టండి. ఒకటి సహరీ ముగింపు, ఇంకోటి ఫజ్ర్ మొదలు. మన ఉదాహరణలో లెక్క 5:30.8. సహరీ ముగింపు గడిలో 5:28 వేయవచ్చు, ఫజ్ర్ గడిలో 5:33. అజాన్ రెండోదానికి ఇవ్వండి. 15 డిగ్రీల పద్ధతి పాటించే కమిటీ కూడా ఇదే చేయవచ్చు. అసలు రెండు కోణాల మీద తగవు పడే చోట, సహరీ 18కి ముగించి నమాజ్ 15కి మొదలుపెడితే ఇద్దరి లెక్కలోనూ ఉపవాసమూ నమాజూ రెండూ నిలుస్తాయి; మధ్యలో 13 నిమిషాలు ఆగడమే ఖర్చు. అలా చేయాలా వద్దా అన్నది ఉలమాలు చెప్పాల్సింది, లెక్క వైపు నుంచి అడ్డమేమీ లేదని మాత్రం మేం చెప్పగలం.

అంకెలను పూర్తి నిమిషాలకు సర్దేటప్పుడు కూడా దిశ ఉంటుంది. అస్తమయం 6:16.2 వస్తే 6:16 అని వేయకండి, 6:17 వేయండి. సూర్యోదయం 6:44.8 వచ్చిన రోజున 6:45 వేయకండి, 6:44 వేయండి, ఎందుకంటే అది ఫజ్ర్ గడువు ముగింపు. మొదలయ్యే వేళలు పైకి, ముగిసే వేళలు కిందికి. సాఫ్ట్‌వేర్ దగ్గరి నిమిషానికి సర్దేస్తుంది, దానికి మొదలేదో ముగింపేదో తెలియదు.

రెండో విన్నపం ఇంకా చిన్నది. పట్టిక అడుగున, దాతల పేర్ల పక్కనో కిందో, నాలుగు పంక్తులకు చోటివ్వండి. ఇలా ఉంటే చాలు:

అక్షాంశం 17.00 ఉత్తరం, గడియారపు రేఖకు 4.00 డిగ్రీలు పడమర.
ఫజ్ర్ 18, ఇషా 18 డిగ్రీలు, సూర్యోదయాస్తమయాలు −0.833.
అసర్ మిస్ల్ సానీ.
ఇహ్తియాత్: సహరీ −2, ఫజ్ర్ +2, జొహర్ +2, మగ్రిబ్ +2 నిమిషాలు, ఇవి పట్టికలో కలిపే ఉన్నాయి, మళ్లీ కలపవద్దు.

మొదటి పంక్తిలో మీ ఊరి రేఖాంశాన్నే నేరుగా వేసినా సరే. నాలుగో పంక్తిలోని చివరి మాట మాత్రం వదలకండి, పైన చెప్పిన పొరలు ఆగేది దానితోనే.

కోణం మార్చాలని కమిటీలో మాట వస్తే ఒక్క వేకువ చూసి తేల్చకండి. వెన్నెల లేని రోజులు కావాలి, తూర్పున దీపాలు లేని చదునైన దిగంతం కావాలి, ఏడాదిలో కనీసం మూడు, నాలుగు కాలాల్లో చూడాలి. చూసేవాళ్లు సూర్యుడు 19 డిగ్రీల లోతుకు చేరకముందే చీకట్లో నిలబడి ఉండాలి. ఫోను తెర ఒక్కసారి చూసినా కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పడుతుంది. ప్రతి ఒక్కరూ తమకు అడ్డంగా పరుచుకున్న వెలుగు తెలిసిన నిమిషాన్ని విడిగా, పక్కవాళ్లతో మాట్లాడకుండా రాసుకోవాలి. ఆ నిమిషాన్ని పై సూత్రంలో వెనక నుంచి పెడితే h వస్తుంది. పదిమందికి పది అంకెలు వస్తే కంగారు పడకండి, రావాల్సింది అలాగే. వాటన్నింటినీ తేదీలతో సహా దాచిపెట్టండి, కోణం మార్చిన ఏడాది పట్టిక మీద పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన వేయండి.

వస్సలామ్,
నమాజ్ వేళల లెక్క తెలిసిన కొందరు